విత్తే ముందు ఎరువు కుప్పలో చెయ్యి పెట్టి చూడు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఆ రెండెకరాల్లో ఈసారి నువ్వే వేరుశనగ వేస్తున్నావనీ, వేరుకుళ్లు రాకుండా ట్రైకోడెర్మా, సూడోమోనాస్ అనే జీవ మందులు రెండూ తెప్పించుకున్నావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషించాను. కానీ ఆ రెండింటినీ పేడ ఎరువులో కలిపి దుక్కిలో చల్లేస్తావని విన్న దగ్గరనుంచి మనసు కుదురుగా లేదు. మీ నాన్న చేసిన పొరపాటు ఒకటి ఆ చేలోనే జరిగింది. ఆయన నీకు చెప్పి ఉండడు కనుక నేనే చెబుతున్నాను.

ఆ ఏడాది మీ నాన్న మంచి ట్రైకోడెర్మా పొడే తెచ్చాడు. గడువు దాటలేదు, ఎండలో పెట్టలేదు. అయితే దాన్ని కలిపినది మాగని పేడలో. గడ్డిపరకలు ఇంకా పసుపురంగులోనే ఉన్న ఆ కుప్పలో చెయ్యి పెడితే వేడి తగిలేది. ట్రైకోడెర్మా 25 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. పచ్చి పేడ మాగేటప్పుడు కుప్ప లోపలి వేడి 50 డిగ్రీలు దాటిపోతుంది, ఆ వేడిలో అది నిలవలేదు. చేలోకి వెళ్లే లోపే ఆ పొడిలోని జీవం చాలావరకు పోయి ఉంటుంది.

అంతటితో ఆగినా నష్టం డబ్బుకే పరిమితమయ్యేది. వేరుశనగను మొదలు దగ్గర పట్టి కాండాన్నీ, కాయల్నీ, వేళ్లనూ కుళ్లబెట్టే స్క్లెరోషియం అనే శిలీంధ్రం ముందుగా నేలపై పడి ఉన్న మాగని గడ్డీగాదం మీద బలం పుంజుకుని, ఆ బలంతోనే మొక్క మీదికి పాకుతుంది. ఊడలు దిగే వేళ, కొన్నాళ్లు బెట్ట పెట్టి ఆ తరువాత వాన పడగానే, మొక్కలు గుంపులుగా వడలడం మొదలైంది. నేను వెళ్లి చూస్తే ఆ గుంపులు ఎరువు గంపలు బోర్లించిన చోట్లే ఉన్నాయి. పేడ ముద్దల్లోని గడ్డిపరకల మీద తెల్లని దారాలు అల్లుకుని, అక్కడినుంచి కాండం మొదలు దాకా వెళ్లాయి. ఆ దారాల మధ్య ఆవగింజలంత గోధుమరంగు గింజలున్నాయి. వాటినే స్క్లెరోషియాలు అంటారు. అవి నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. అంటే ఆ తెగులుకు విందు పెట్టింది మనమే. మీ నాన్న మాత్రం “ఈ పొడులు పనిచేయవు” అని తీర్మానించుకుని మళ్లీ వాటి జోలికి పోలేదు. ఆ గింజలు ఇప్పటికీ నువ్వు విత్తబోయే నేలలో ఉండవచ్చుననేదే నా భయం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, కోపమనుకోకు.

కాబట్టి కుప్ప ఇప్పుడే మొదలుపెట్టు, విత్తడానికి ఇంకా రెండు వారాలుంది. ఎకరానికి బాగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు తీసుకో. నీ రెండెకరాలకు దీనికి రెండింతలు కావాలి. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉంటుంది, చల్లగా తగులుతుంది, పేడ వాసన రాదు. అలా లేకపోతే ఈ ఏడాదికి ఎరువులో కలపడం మానెయ్యి, అంతేకాని పచ్చిదానితో సరిపెట్టుకోకు. కుప్పను చెట్టు నీడలో వేసి, పిడికిట నొక్కితే ముద్ద కావాలి గాని నీరు కారకూడదు అన్నంత తడి పెట్టి, పైన తడి గోనెపట్టాలు కప్పు. మూడు నాలుగు రోజులకోసారి తిరగెయ్యి. వారం, పది రోజులకు పైపొరలో మొదట తెల్లని బూజు, తరువాత ఆకుపచ్చని మచ్చలు కనిపించాలి. కుళ్లు వాసన వచ్చినా, నల్లని బూజు కమ్మినా అది వేరే సూక్ష్మజీవుల పనే, దాన్ని చేలోకి తీసుకుపోవద్దు. తయారైన ఎరువును సాయంత్రం పూట, నేలలో తడి ఉన్నప్పుడు సాళ్లలో వేసి వెంటనే మట్టి కప్పించు. ఎండలో పైన పడి ఉన్నది ఎండిపోతుంది.

ఇక రెండింటినీ కలపడం గురించి. ట్రైకోడెర్మా శిలీంధ్రం. అది తెగులు శిలీంధ్రపు పోగులను చుట్టుకుని, గోడలను కరిగించే ఎంజైములు వదిలి తినేస్తుంది. ఈ సంగతిని వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త 1932లోనే రాశాడు. సూడోమోనాస్ బాక్టీరియా. అది వేరును అంటిపెట్టుకుని నేలలోని ఇనుమును తెగులు శిలీంధ్రానికి అందకుండా పట్టేస్తుంది, శిలీంధ్రాలను అణచే పదార్థాలనూ వదులుతుంది. వాటిలో కొన్ని ట్రైకోడెర్మానూ అణచవచ్చు. అన్ని రకాల మధ్యా ఇలా జరగదు గాని, నీ రెండు పొట్లాలు కలిసి మెలగుతాయని వాటిమీద రాసి లేనప్పుడు ఒకే బకెట్లో వెయ్యడమెందుకు? ట్రైకోడెర్మాను ఎరువు కుప్పకు, సూడోమోనాస్‌ను విత్తనానికి ఇవ్వు.

విత్తనానికి కిలోకు 10 గ్రాములు పట్టించాలి. ఎకరానికి 60 కిలోల పప్పు అనుకుంటే 600 గ్రాములు. వేరుశనగ పప్పు పొర చాలా సున్నితం కనుక నీళ్లు పోసి చేతులతో రుద్దవద్దు. గోనెపట్టా మీద పప్పు పోసి, చల్లారిన పలుచని బెల్లం నీటిలో కలిపిన పొడిని కొద్దికొద్దిగా చిలకరిస్తూ, ఇద్దరు పట్టా అంచులు పట్టి అటూ ఇటూ దొర్లించండి. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు వాడకు. నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తెయ్యి.

విత్తన పప్పులో నల్లబూజు పట్టిన గింజలు ఎక్కువగా కనిపిస్తే మాత్రం జీవ మందుల మీదే భారం వెయ్యకు. లోపలికి పోయిన బూజును అవి చేరలేవు. అప్పుడు రసాయన శిలీంధ్రనాశినిని ముందుగా పట్టించి, బాగా ఆరిన తరువాత, చివరగా విత్తే ముందు సూడోమోనాస్ పట్టించు. ట్రైకోడెర్మా నేలలోనే ఉంటుంది కనుక దానికి విత్తనం మీది మందు పెద్దగా తగలదు. కార్బెండాజిమ్ పట్టించిన విత్తనానికి ట్రైకోడెర్మా పూయడమంటే దాన్ని చంపడానికే పూసినట్టు. సూడోమోనాస్‌కు రాగి మందులూ స్ట్రెప్టోసైక్లిన్ అనే బాక్టీరియా మందూ శత్రువులు, వాటిని కలపవద్దు.

వడలిన మొక్కను ఇవేవీ తిరిగి లేపవు. అందుకే ఊడలు దిగేటప్పుడు వారానికోసారి చేను మధ్యలో నడిచి, కాండం మొదళ్లు వంగి చూడు. తెల్లని దారాలు కనిపించిన మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తవ్వి సంచిలో వేసి బయటికి తీసుకుపోయి కాల్చెయ్యి, గట్టున పారెయ్యకు. ఆ చోట ఒక కర్ర పాతి గుర్తు పెట్టుకుంటే, వచ్చే పంటకు ట్రైకోడెర్మా ఎరువు అక్కడ కాస్త ఎక్కువ వెయ్యవచ్చు.

పదో రోజుకు కూడా కుప్ప మీద ఆకుపచ్చదనం కనిపించకపోతే, దాన్ని చేలో వెయ్యకుండా ఆపి నాకు కబురు చెయ్యి. నేను వచ్చి చూస్తాను. విత్తడం రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు. మీ నాన్న మీద మాత్రం ఈ విషయంలో విసుక్కోకు తల్లీ, ఆయనకు అప్పట్లో చెప్పినవారెవరూ లేరు.

ఇట్లు,
మీ పెదనాన్న