హర్డిల్స్ మధ్య మూడు అడుగుల లయ ఎలా నేర్పాలి?

కొత్త పిల్లలకు హర్డిల్స్ నేర్పుతున్నాను. దాటడం వస్తోంది కానీ మధ్యలో మూడు అడుగులు కుదరడం లేదు. ఏం చేయాలి?

హర్డిల్ తీసేసి, చిన్న కోన్లు పెట్టండి. తగులుతుందన్న భయం లేకపోతే పిల్లల ధ్యాస అడుగుల మీదే ఉంటుంది. సుమారు 5, 5.5, 6 మీటర్ల దూరాలతో పక్కపక్కనే మూడు లేన్లు వేసి, ఎవరికి ఏది సరిపోతుందో చూడండి. కోన్ దాటి నేలను తాకిన కాలును లెక్కలోకి తీసుకోకుండా, తర్వాతి అడుగుల నుంచి "ఒకటి, రెండు, మూడు" అని పైకి చెప్పించండి. మూడో అడుగు మీదే ఎగరాలి.

ఒక పిల్లవాడు 6 మీటర్ల లేన్‌లో ఒక కోన్‌ను కుడి కాలు ముందు పెట్టి, తర్వాతిదాన్ని ఎడమ కాలు ముందు పెట్టి దాటుతున్నాడనుకోండి. అంటే మధ్యలో నాలుగు అడుగులు పడుతున్నాయి. అడుగులు సాగదీయమని మాత్రం చెప్పకండి, వేగం చచ్చిపోతుంది. 5.5 మీటర్ల లేన్‌కు మార్చండి.

లీడ్ లెగ్, అంటే ముందుగా దాటే కాలు కోసం, కోన్ల పక్కనుంచి నడిపిస్తూ, ఆ ఒక్క కాలినే కోన్ మీదుగా తీయించండి. ముందు మోకాలు లేవాలి, ఆ తర్వాతే పాదం ముందుకు చాపాలి. కాలు నిటారుగా విసిరితే ఒళ్లు వెనక్కి వాలుతుంది, దిగాక మొదటి అడుగు చిన్నదైపోతుంది. చాలామందికి లయ తప్పేది అక్కడే.