2009 నాటి భయం, 2020 నాటి ధైర్యం: ఏది నమ్మదగినది?

ప్రశ్న: నేను 2009లో వరంగల్‌లో ఇంజినీరింగ్ పూర్తి చేశాను. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చినా, మాంద్యం కారణంగా చేరే తేదీని 14 నెలలు వాయిదా వేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు 50 వేల ఇంటి ఖర్చు. పొదుపు చేసిన 22 లక్షలూ ఎఫ్‌డీల్లోనే ఉన్నాయి. మూడేళ్లలో హనుమకొండలో ఇంటిపై అంతస్తు వేయడానికి 6 లక్షలు కావాలి. పాప పైచదువుకు ఇంకా పదేళ్లు ఉంది. 2020లో డిగ్రీ ముగించిన మా చిన్నాన్న కొడుకు జీతంలో మిగిలేదంతా షేర్లలో పెడుతూ, నాది పిరికితనం అంటున్నాడు. ఎవరిది సరైన దారి?

జవాబు: మీది పిరికితనం కాదు. ఉల్రికే మాల్మెండియర్, స్టెఫాన్ నాగెల్ అనే ఆర్థికవేత్తలు 1960 నుంచి 2007 వరకు అమెరికా కుటుంబాల సర్వేలను పరిశీలించి, 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. తమ జీవితకాలంలో షేర్ల నుంచి తక్కువ రాబడులు చూసిన తరాల వారు, వయసు, ఆదాయం వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా, షేర్లకు దూరంగా ఉన్నారని, పెట్టినా తక్కువే పెట్టారని అందులో తేలింది. ఇటీవలి అనుభవం ప్రభావం ఎక్కువే అయినా, దశాబ్దాల కిందటిది కూడా పూర్తిగా చెరిగిపోలేదు. ఇది తరాల సగటు గురించిన మాట మాత్రమే. ఏ ఒక్కరి తలరాతా కాదు.

అయితే మీ విషయంలో ఒక సంగతి ప్రత్యేకంగా గమనించాలి. మీ ప్రశ్నలో షేర్లలో నష్టపోయిన ప్రస్తావనే లేదు. మీరు పోగొట్టుకున్నది 14 నెలల జీతం. 2008 జనవరిలో దాదాపు 21,000 ఉన్న సెన్సెక్స్ 2009 మార్చికి 8,200 దిగువకు పడిపోయిన వార్తలు, మీ ఉద్యోగం ఎప్పుడు మొదలవుతుందో తెలియని ఆ రోజులు ఒకే కాలంలో నడిచాయి కాబట్టి, మనసు ఆ రెండింటినీ ఒకే ముడి వేసింది. ఆ ముడి విప్పితే మీ భయంలో సగం సరైనదేనని కనిపిస్తుంది. విదేశీ కంపెనీల ఖర్చు మీద ఆధారపడిన సాఫ్ట్‌వేర్ రంగంలో, ప్రపంచ మాంద్యం వస్తే జీతమూ షేర్లూ ఒకేసారి దెబ్బతినే అవకాశం ఉంది. అందుకే అందరికీ చెప్పే ఆరు నెలల అత్యవసర నిధి మీకు చాలదు. పన్నెండు నెలల ఖర్చు, అంటే 6 లక్షలు, ఎఫ్‌డీల్లోనే ఉంచండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే వర్తిస్తుంది కాబట్టి ఎఫ్‌డీలన్నింటినీ ఒకే బ్యాంకులో ఉంచకండి. ఇంటి పనికి అనుకున్న 6 లక్షలను కూడా కదపవద్దు. మూడేళ్లలో కావలసిన డబ్బుకు షేర్లు తగిన చోటు కాదు.

మిగిలిన 10 లక్షల దగ్గరే మీ భయం మీకు చేటు చేస్తోంది. ఎఫ్‌డీ మీద 7 శాతం వడ్డీ, దానిపై 20 శాతం పన్ను అనుకుంటే చేతికి మిగిలేది 5.6 శాతం, ఏటా ధరలు, ముఖ్యంగా కాలేజీ ఫీజులు, పెరిగేదానికి అది పదేళ్లపాటు సరితూగకపోవచ్చు. ఈ పదిలో 5 లక్షలను, నిఫ్టీ సూచీలోని పెద్ద కంపెనీల షేర్లన్నింటిలో డబ్బు పెట్టే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లోకి నెలకు 25 వేల చొప్పున 20 నెలల్లో మార్చండి. ఆ మొత్తం సగానికి పడిపోయినా పోయేది రెండున్నర లక్షలు, అంటే మీ మొత్తం పొదుపులో సుమారు 11 శాతం. అది బాధ కలిగిస్తుంది గాని, అంతస్తు పని ఆగదు, ఇల్లు గడవడం ఆగదు. మార్కెట్ పడిన నెలలో కూడా వాయిదా ఆపకుండా కట్టగలిగితే, ఆ అనుభవమే 2009 పక్కన మరొక పాఠంగా చేరుతుంది. నేను ఎన్ని లెక్కలు చూపినా అంత పని చేయవు. ఆపేయాలని చేయి లాగితే మిగిలిన 5 లక్షలను ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి. అప్పుడు 5 లక్షలే మీ హద్దు అని అర్థం.

మీ తమ్ముడి సంగతి నాకు ఇంకా ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. అతను సంపాదన మొదలుపెట్టే వేళ చూసిన పతనం 2020 మార్చిది. 42,000 నుంచి 26,000 దిగువకు జారిన సెన్సెక్స్ ఆ నవంబరుకే తిరిగి పాత స్థాయికి చేరింది. పడితే కొన్ని నెలల్లో లేస్తుందన్న నమ్మకం అక్కడ పుట్టింది. కానీ 2008 జనవరి శిఖరం దగ్గర ఒకేసారి డబ్బు పెట్టినవారు, 2010 చివర్లో సెన్సెక్స్ ఒకసారి ఆ దరిదాపులకు వచ్చి మళ్లీ జారాక, 2013 చివరిదాకా వేచి ఉండాల్సి వచ్చింది. అంతకాలం ఆగడానికి చేతిలో వేరే డబ్బు ఉండాలి. జీతం ఆగితే షేర్లు అమ్మకుండా ఎన్ని నెలలు ఇల్లు నడపగలవని అతన్ని అడగండి. జవాబు ఆరు నెలల కన్నా తక్కువైతే, కొత్త షేర్లు కొనడం కొన్నాళ్లు ఆపి, ఆ మేరకు ఎఫ్‌డీ చేయమని నా మాటగా చెప్పండి.