బోరు నీళ్ళలో బట్టలు ఉతుక్కునే తీరు

చిరంజీవి కార్తీక్‌కు,

పెద్దమ్మ ఆశీస్సులు. తెల్ల చొక్కాలు ఎంత ఉతికినా మసకబారుతున్నాయనీ, ఆరాక అట్టలా బిరుసెక్కుతున్నాయనీ రాశావు. మీ గదికి వచ్చేది బోరు నీరు కాబట్టి తప్పు నీ రెక్కలది కాదు. ఆ నీటిలో సున్నపు అంశం ఎక్కువగా ఉంటే, పాతరకం బట్టల సబ్బు నురుగు రాకుండా తెట్టుగా మారి నూలు పోగులకు పట్టుకుంటుంది. అలాంటి నీళ్ళకు డిటర్జెంట్ పొడే మేలు.

అరబకెట్ నీళ్ళకు రెండు చెంచాల పొడి చాలు. దాన్ని ముందు నీళ్ళలో పూర్తిగా కరిగించి, ఆ తరువాతే మూడు నాలుగు బట్టలు వేయాలి. బట్టల మీద పొడి చల్లితే కరగని పలుకులు ఒకేచోట అంటుకుని రంగు బట్టలపై మచ్చలు వేయగలవు. అరగంట నానితే సరిపోతుంది. రాత్రంతా ఉంచితే వదిలిన మురికి మళ్ళీ బట్టకే పడుతుంది, ముక్క వాసన కూడా వస్తుంది. కొత్త ఎర్ర కుర్తాను మాత్రం దేనితోనూ కలపవద్దు. దాని లోపలి కుట్టును తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడు, గుడ్డకు రంగు అంటితే నానబెట్టకుండా చన్నీళ్ళలో విడిగా, త్వరగా ఉతికెయ్యి.

చొక్కా మొత్తాన్నీ బ్రష్‌తో తోమనక్కరలేదు. మురికి ఉండేది కాలరు మడతలోనూ చేతుల అంచుల్లోనూ చంకల దగ్గరా కనుక, అక్కడ ఆ డిటర్జెంట్ నీళ్ళే రాసి, మెత్తటి బ్రష్‌తో ఒకే దిశలో తోమి, మిగిలినదాన్ని చేతుల మధ్య నలిపితే చాలు. గట్టి బ్రష్ కాలరు అంచును పీచులు లేపుతుంది. బండకేసి బాదితే గుండీలు పగులుతాయి.

అసలు పని జాడించడంలో ఉంది, చాలామంది తొందరపడేదీ అక్కడే. సబ్బునీళ్ళలోంచి తీసిన బట్టను నేరుగా మంచినీళ్ళ బకెట్‌లో వేస్తే ఆ బకెట్ కూడా సబ్బునీళ్ళే అవుతుంది. ముందు నీరు నొక్కి తీసెయ్యి, ఆ తరువాత జాడించు, మళ్ళీ నొక్కు. ఇలా మూడు నీళ్ళు మార్చాక బట్టను పిండి చూడు: కారే నీరు తేటగా, వేళ్ళకు జారుడు తగలకుండా ఉంటే సబ్బు పోయినట్టే, నురుగు కనిపిస్తే ఇంకొక్క నీరు పెట్టు.

పిండేటప్పుడు తాడులా మెలిపెట్టే అలవాటు మానుకో. దానివల్ల కాలరు లోపలి అట్ట ముడుచుకుంటుంది, బనియన్లు సాగిపోతాయి, ప్యాంటు నడుములోని ఎలాస్టిక్ తెగుతుంది. చొక్కాను నిలువుగా మడిచి అరచేతులతో పైనుంచి కిందికి నొక్కుతూ రా. జీన్స్ లాంటి బరువైనవాటిని నొక్కడం కష్టం కాబట్టి, నడుము పట్టీతో కొళాయికి తగిలించి పదినిమిషాలు నీరు ఓడనివ్వు. దండెం మీద వేసే ముందు ప్రతి చొక్కానూ ఒకసారి గట్టిగా దులిపితే ఇస్త్రీ పని సగం తగ్గుతుంది. రంగువాటిని తిరగేసి నీడలో, తెల్లవాటిని ఎండలో ఆరెయ్యి.

ఇట్లు,
పెద్దమ్మ