బ్యాంకు సర్వర్ మెయింటెనెన్స్ నోటీసు ఎలా రాయాలి?

ప్రశ్న: "మా సహకార బ్యాంకులో శనివారం రాత్రి 12 నుంచి ఉదయం 4 దాకా కోర్ బ్యాంకింగ్ ఆగుతుంది. పోయినసారి ఇలాగే రాస్తే 'ఏ రాత్రి?' అని ఒకటే ఫోన్లు. నోటీసు ఎలా పెట్టాలి?"

సమాధానం: చిక్కంతా ఆ 12 దగ్గరే ఉందండి. అది శుక్రవారం దాటిన అర్ధరాత్రా, శనివారం దాటినదా అన్నది చదివినవాళ్లకు తెలియదు. అందుకే మొదలయ్యే టైమ్‌ను 11:45కి జరపండి, రెండు తేదీలూ వేయండి. పని 4కే అయిపోయినా చెక్ చేసుకోవడానికి అరగంట కలపండి. నేనైతే ఇలా రాస్తాను:

"జూన్ 13 శనివారం రాత్రి 11:45 నుంచి జూన్ 14 ఆదివారం తెల్లవారుజామున 4:30 వరకు మన బ్యాంకు యూపీఐ, ఏటీఎం కార్డు, మొబైల్ యాప్ పనిచేయవు. వేరే బ్యాంకు ఏటీఎంలో కూడా మన కార్డుతో డబ్బు రాదు. రాత్రి ప్రయాణం, ఆసుపత్రి అవసరాలు ఉన్నవారు శనివారం సాయంత్రానికే నగదు తీసుకోండి. ఖాతాలో డబ్బు కట్ అయి అవతలివారికి చేరకపోతే వెంటనే మళ్లీ పంపకండి, 4:30 తర్వాత బ్యాలెన్స్ చూసుకోండి."

"వేరే బ్యాంకు ఏటీఎం" వాక్యం మాత్రం తీసేయకండి. మన మిషన్ ఒక్కటే పనిచేయదని చాలామంది అనుకుంటారు, నిజానికి ఏ మిషన్ అయినా బ్యాలెన్స్ కోసం మన సర్వర్‌నే అడుగుతుంది.

ముందే వేసి ఉంచుకున్న డబ్బులోంచి చేసే యూపీఐ లైట్ చెల్లింపు అప్పటికప్పుడు కోర్ బ్యాంకింగ్‌ను తాకదు కాబట్టి చిన్న ఖర్చులకు అది దారి కావచ్చు. కానీ యూపీఐ లావాదేవీలను అటూ ఇటూ పంపే స్విచ్ సర్వర్‌ను కూడా ఆపుతున్నారేమో మీ టెక్నికల్ టీమ్‌ను అడిగాకే నోటీసులో చేర్చండి. ఆపకపోతే, లైట్‌లో డబ్బు శనివారం సాయంత్రమే వేసుకోవాలని రాయండి. ఖాతా నుంచి అందులోకి వేయడం ఆ రాత్రి కుదరదు.