క్లిప్స్‌లో హీరో, ట్రయల్‌లో జీరో

"16 ఏళ్ల ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్, క్లిప్స్‌లో అదరగొట్టాడు, ట్రయల్‌కి పిలిస్తే తేలిపోయాడు. ఏం చూసి ఎంచుకోవాలి?"

క్లిప్ మొదలయ్యేది బంతి కాలికి తగిలాక, మిడ్‌ఫీల్డర్ ఆట అంతకు ముందే మొదలవుతుంది.

1. మ్యాచ్‌కి వెళ్లి ఓ 20 నిమిషాలు బంతిని వదిలేసి అబ్బాయి తలనే చూడండి, అందరూ మర్చిపోయేది ఇదే. పాస్ అందే ముందు 10 సెకన్లలో ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూశాడో గీతలు పెట్టుకోండి. కోచ్ చెప్పాడని ఊరికే తల తిప్పేవాళ్లూ ఉంటారు! అందుకే తర్వాతి టచ్ కూడా రాయండి: వెనక మనిషి ఉంటే ఒక్క టచ్‌లో వదిలాడా, ఖాళీ ఉంటే ముందుకు తిరిగాడా?

2. పాస్ శాతం నమ్మొద్దు, వెనక్కే ఇస్తూ పోయినా 90 వస్తుంది. ఒత్తిడిలో ముందుకు ఇచ్చినవి లెక్కపెట్టండి, ఆడిన నిమిషాలతో భాగించి.

3. పుట్టిన నెల అడగండి. ఒకే ఏడాది పుట్టినా జనవరి పిల్లాడు డిసెంబర్ పిల్లాడికన్నా దాదాపు ఏడాది పెద్ద, అలా బలంతో నెట్టేసి గెలిచిన బంతులు తీసేసి చూడండి.