11.14 అంటే దశాంశం కాదు

"మెల్‌బోర్న్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లా. బోర్డు మీద ఒక జట్టుకి 11.14 80, ఇంకో జట్టుకి 13.5 83. ఏంటీ దశాంశాలు? పోస్టర్‌లో నాలుగు స్తంభాలెందుకు?"

మీరు చూసింది ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అండీ. చుక్కకి ముందున్నది గోల్స్, ఒక్కోటి 6 పాయింట్లు. తర్వాతది బిహైండ్స్, ఒక్కోటి 1. పదకొండు ఆర్లు 66, దానికి 14 కలిపితే 80. రెండో జట్టుకి 78కి 5 కలిపి 83. అంటే మొదటి జట్టు 25 సార్లు స్కోరు చేసి కూడా, 18 సార్లే చేసిన జట్టు చేతిలో ఓడిందన్నమాట!

పోస్టర్‌లో మధ్యనున్న రెండు పొడుగు స్తంభాల నడుమ నుంచి, కాలితో తన్నిన బంతి ఇంకెవరికీ తగలకుండా వెళ్తే గోల్. పొడుగు స్తంభానికీ పక్కనున్న పొట్టి స్తంభానికీ మధ్య నుంచి వెళ్తే బిహైండే. దూరం నుంచి తేడా తెలియకపోతే అంపైర్‌ని చూడండి: రెండు జెండాలు ఊపితే గోల్, ఒకటైతే బిహైండ్.