ఆట మొదలయ్యే ముందు కూర్చునే ఆ రెండు గంటల గురించి

తమ్ముడూ,

టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక పాత్రగా కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆట కోసం నువ్వు రాసిన కథ చదివాను, పాడుబడ్డ బంగళా, వెనక బావి, అందులో పడి చనిపోయిన పిల్లాడి దయ్యం, నాకు నచ్చింది. కానీ ఆదివారం అయిదుగురినీ పిలిచి నేరుగా ఆట మొదలుపెట్టేస్తా అన్నావు కదా, అది వద్దురా. ముందు ఒక పూట సెషన్ జీరో పెట్టు, అంటే ఆడకుండా, ఆట ఎలా ఉండాలో అందరూ కూర్చుని మాట్లాడుకోవడం, రెండు గంటలు చాలు, ఆ రోజు డైస్ బయటికే తీయకు.

మొదట టోన్ తేల్చుకోండి. హారర్ అని చెప్తే సరిపోదు, ఒకరికి అది భయపడుతూ నవ్వుకునేది, ఇంకొకరికి రాత్రి నిద్ర పట్టనివ్వనిది. మధ్యలో జోకులు ఓకేనా, మన క్యారెక్టర్లు చచ్చిపోవచ్చా అని సూటిగా అడుగు.

తర్వాత లైన్స్, వీల్స్. గేమ్ డిజైనర్ రాన్ ఎడ్వర్డ్స్ 2003లో రాసిన పద్ధతి ఇది. లైన్ అంటే ఆ విషయం కథలోకే రాదు. వీల్ అంటే కథలో జరుగుతుంది కానీ చూపించం, తలుపు మూసుకుంటుంది, తర్వాతి సీన్ తెల్లారాక. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తా. "ఎవరికైనా ఏదైనా ఇబ్బందా?" అని అందరి ముందూ అడిగా, అందరూ లేదన్నారు, అంతమందిలో ఎవరు చెప్తారు. రెండో సెషన్‌లో పసిపిల్లాడి శవం దొరికే సీన్ రాగానే ఒకమ్మాయి మాట్లాడ్డం ఆపేసింది, ఫోన్ చూసుకుంటూ కూర్చుంది, నేనేమో బోర్ కొట్టిందేమో అనుకుని సీన్ ఇంకా పెంచా. తను మళ్లీ రాలేదు.

అందుకే ఇప్పుడు ఎవరి లైన్స్, వీల్స్ వాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టమంటా, కారణం రాయక్కర్లేదు, నావి కూడా కలిపి పేర్లు లేకుండా చదువుతా. ఒకే విషయాన్ని ఒకరు లైన్, ఒకరు వీల్ అంటే అది లైనే, దానిమీద ఓటింగ్ పెట్టకు.

నీ కథే తీసుకో, ఎవరో పిల్లల చావు లైన్ అన్నారనుకో. దాన్ని వీల్ చేసి నెట్టుకురాలేవు, ఎందుకంటే దయ్యమే ఆ పిల్లాడు. బావిలో పడింది ముసలి గుమస్తా అని మార్చు, వాడు దాచిన దస్తావేజులే ఇప్పుడు వెతకాలి, బావి ఉంటుంది, రాత్రిపూట చప్పుడూ ఉంటుంది. అందుకే సెషన్ జీరో అయ్యేదాకా కథ చివర రాసి పెట్టుకోకు.

ఎంత అడిగినా ముందే తట్టనివి కొన్ని మిగుల్తాయి, వాటికి ఎక్స్-కార్డ్. జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేశాడు, ఒక కార్డు మీద X రాసి టేబుల్ మధ్యలో పెట్టు, ఎవరు ముట్టుకున్నా అప్పుడు నడుస్తున్నది తీసేసి ముందుకెళ్లాలి, ఎందుకని అడక్కూడదు. దీంతో చిక్కేంటంటే ముందుగా ముట్టుకోడానికి అందరూ మొహమాటపడతారు. కాబట్టి మొదటి సెషన్‌లోనే, చిన్నదానికైనా సరే, నువ్వే వర్ణిస్తున్నది నీకే ఎక్కువనిపించినప్పుడు నువ్వే ముట్టుకో, రెండు వాక్యాల్లో సీన్ మార్చి ఆట కొనసాగించు, అప్పుడు మిగతావాళ్ల చేతులూ కదుల్తాయి.

గుమస్తా సంగతి రాశాక పంపు, చదువుతా.

అన్న